రంగు వేసేముందు గోడ కడగండి

పోయిన ఆదివారం మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. ప్రగతినగర్‌లో ఒక ఫ్లాటు చూసిందట. గాలీ వెలుతురూ బావున్నాయి, అద్దె అందుబాటులోనే ఉంది, రంగులు కొత్తగా వేశారు. "కానీ అక్కా, బెడ్‌రూమ్ తలుపు తీయగానే ఏదో పాత వాసన. ఓనరేమో పెయింట్ వాసనమ్మా, నాలుగు రోజుల్లో పోతుంది అంటున్నాడు. నిజమేనా?" అని అడిగింది.

పెయింట్ వాసన నాలుగు రోజుల్లో పోయే మాట నిజమే. దాని వెనక ఉన్న వాసన పోదు. రెండేళ్ల క్రితం ఇదే మాట నమ్మి నిజాంపేటలో ఒక ఫ్లాటులో దిగాం. ఆ వాసన పోగొట్టడానికి ఒక వేసవీ, ఒక వానాకాలమూ పట్టాయి. అప్పటినుంచీ ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను: సిగరెట్ తాగినవాళ్లు ఉన్న ఇంట్లో గోడలు కడగకుండా రంగు వేస్తే ఆ రంగు డబ్బు దండగ. కొత్తగా వచ్చేవాళ్లు ఓనరుతో మాట్లాడాల్సింది రంగు గురించి కాదు, రంగుకి ముందు జరగాల్సిన పని గురించి.

మేం ఫిబ్రవరిలో దిగాం. అప్పుడు ఎండ ముదరలేదు, గాలిలో తేమ లేదు, కిటికీలు రోజంతా తెరిచే ఉండేవి. ఏ వాసనా తెలియలేదు. ఏప్రిల్ మొదటి వారంలో మధ్యాహ్నం పూట తలుపులు మూసి ఏసీ వేయడం మొదలుపెట్టాక, పెద్ద బెడ్‌రూమ్‌లో పాత బస్సు సీటు దగ్గర ముక్కు పెట్టినట్టు ఒక పులిసిన వాసన రావడం మొదలైంది. మొదట ఎలుక చచ్చిందేమో అనుకున్నాను. తర్వాత కాలువ వాసన అనుకుని బాత్‌రూమ్ జాలీలో ఫినాయిల్ పోశాను. చివరికి వాచ్‌మన్ చెప్పాడు. "ముందున్న సారు రాత్రంతా పని చేసేటోడమ్మా, అమెరికా టైము. ఆ రూములోనే కూసొని తాగేటోడు. మూడేండ్లు ఉన్నడు." ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. రాత్రి రెండు గంటలకి కిందికి దిగి గేటు బయట నిలబడి తాగమని ఎవరు చెప్పగలరు? కానీ మాకు అప్పుడు పది నెలల బాబు ఉన్నాడు. వాడు గోడ పట్టుకుని నిలబడేవాడు, కర్టెన్ అంచు నోట్లో పెట్టుకునేవాడు.

అమ్మ అడిగిన ప్రశ్న

మా అమ్మది కందుకూరు వైపు. పొగాకు బ్యారన్ల మధ్య పెరిగింది. నేను ఫోన్‌లో గోడు వెళ్లబోసుకుంటే ఆమె అడిగింది: "మీ తాతయ్య జీవితమంతా చుట్ట తాగాడు గదే. మన ఇంట్లో ఎప్పుడన్నా ఈ కంపు ఉందా? నీకు ముక్కు ఎక్కువైంది."

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు, ఎందుకంటే ఆమె చెప్పింది నిజమే. ఆ ఇంట్లో పొగాకు వాసన ఉండేది, కంపు ఉండేది కాదు. ఆకు వాసన వేరు, కాలిన పొగ వాసన వేరు. బ్యారన్‌లో ఆరిన ఆకు తీయగా వాసన వస్తుంది, గాలి తగిలితే పోతుంది. కాల్చినప్పుడు వచ్చే పొగలో కంటికి కనిపించనంత సన్నటి జిగురు బొట్లు ఉంటాయి. వాటినే తారు అంటాం. అవి చల్లగా ఉన్న ప్రతి చోటా, అంటే గోడకీ, సీలింగుకీ, ఫ్యాను రెక్కకీ, గుడ్డకీ అంటుకుని పొరలా పేరుకుంటాయి. నికోటిన్, దానితో పాటు ఘాటు వాసన వేసే పిరిడిన్ జాతి పదార్థాలు ఆ పొరలోకీ, గోడ పైపూతలోకీ ఇంకిపోతాయి. వేడి పెరిగినప్పుడు, తేమ పెరిగినప్పుడు అవి మళ్లీ గాలిలోకి వస్తాయి. మా గది ఫిబ్రవరిలో ఊరుకుని ఏప్రిల్‌లో నోరు తెరిచింది అందుకే.

ఇక తాతయ్య విషయం. ఆయన చుట్ట తాగింది అరుగు మీద. ఇంటికి పెంకుల కప్పు, దాని సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉండేది. గోడలకి ప్రతి సంక్రాంతికీ పాత సున్నం గీకి కొత్త సున్నం కొట్టేవాళ్లు. ఏడాది పొగ ఏడాదికి గోడ మీంచి రాలిపోయేది. మా ఫ్లాటులో మూడేళ్ల పొగ, మూసిన అల్యూమినియం కిటికీల మధ్య, ఒక్కసారి కూడా గీకని గోడల మీద కూర్చుంది. ఇదంతా చెబితే అమ్మ కాసేపు ఆగి, "అయితే గీకించు" అంది. రెండు నెలలు చదివి నేను తెలుసుకున్నదీ దాదాపు అదే.

దీన్ని ఇంగ్లీషులో థర్డ్‌హ్యాండ్ స్మోక్ అంటారు. తాగేవాడు పీల్చేది మొదటిది, పక్కవాడు పీల్చేది రెండోది, ఇద్దరూ వెళ్లిపోయాక ఇంట్లో మిగిలేది మూడోది. అమెరికాలో శాన్ డియాగో పరిశోధకులు 2011లో ప్రచురించిన పని ఒకటి నా కళ్లు తెరిపించింది. సిగరెట్ తాగేవాళ్లు ఖాళీ చేసిన ఇళ్లు సగటున రెండు నెలలు ఖాళీగా ఉన్నాయి, శుభ్రం చేశారు, కొన్నిటికి రంగులు వేసి తివాచీలు మార్చారు. అయినా కొత్తగా వచ్చిన, సిగరెట్ తాగని కుటుంబాల ఇళ్లలో దుమ్ములోనూ, గోడల మీదా, మనుషుల వేళ్ల మీదా నికోటిన్ దొరికింది. అంటే మా ఓనరు చేసినంతా చేసినా అది అక్కడే ఉంటుంది. దానివల్ల పిల్లలకి ఎంత హాని అన్నది ఇంకా తేలాల్సిన విషయమే, దాని గురించి నేను భయపెట్టను. గోడలు పట్టుకుని నడిచే పిల్లాడి చేతులకి ఆ జిగురు అంటకూడదని అనుకోవడానికి మాత్రం నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఓనరు వేయించిన రంగు

మా ఓనరు అంకుల్ మంచి మనిషి. ముందు అద్దెకున్నాయన అడ్వాన్సులోంచి రంగుల కోసం ఒక నెల అద్దె, 21 వేలు, మినహాయించుకున్నారు. మన దగ్గర అందరూ చేసేదే. ఆ డబ్బుతో గోడలకి రెండు పూతలు ఎమల్షన్ వేయించారు. సీలింగు "తెల్లగానే ఉంది కదా" అని వదిలేశారు. గోడ కడగలేదు, ప్రైమర్ వేయలేదు.

ఇక్కడ రెండు తప్పులు జరిగాయి. పొగ వేడిగా పైకి లేస్తుంది కాబట్టి గదిలో అన్నిటికంటే ఎక్కువ తారు సీలింగుకే పడుతుంది. అది సమానంగా పసుపెక్కుతుంది కాబట్టి తెలియదు. ఫ్యాను విప్పి దాని కప్పు కింద చూస్తే అసలు తెలుపు కనిపిస్తుంది. మా సీలింగుకీ ఆ చిన్న వలయానికీ మధ్య తేడా పాలకీ టీకీ ఉన్నంత ఉంది. రెండో తప్పు, నీళ్లతో కలిపే ఎమల్షన్ని తారు మీద నేరుగా పూయడం. రంగులోని నీళ్లు ఆ పొరని కరిగించి తమతో పాటు పైకి లాగుతాయి. జులైలో ముసురు పట్టినప్పుడు బాత్‌రూమ్ పక్క గోడ మీద లేత గోధుమరంగు చారలు, తేనె కారినట్టు, కొత్త రంగు మీదకి దిగాయి. అంకుల్‌ని పిలిచి చూపించాను. ఆయన అది పైకప్పు లీకేజీ అనుకున్నారు. లీకేజీ అయితే మరక అంచు వెంట తెల్లటి ఉప్పు పొడి కడుతుంది, లప్పం ఉబ్బుతుంది. ఇది జిగురుగా ఉంది. తడిపిన తెల్ల గుడ్డతో రుద్దితే పచ్చగా అంటింది, వాసన చూస్తే యాష్‌ట్రే.

పెయింటర్ అన్న మళ్లీ వచ్చి, "ఇంకో రెండు కోటింగులు కొడితే చచ్చిపోతుందక్కా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఇంకో రెండు పూతలతో మరక నాలుగు నెలలు కనిపించదు. ఈలోపు అతనూ వెళ్లిపోతాడు, చాలామంది అద్దెకున్నవాళ్లూ వెళ్లిపోతారు.

కడిగిన తీరు

ఆగస్టులో ఒక వారం బాబుని అమ్మ దగ్గర ఉంచి, నేనూ మా ఆయనా పెద్ద బెడ్‌రూమ్ ఖాళీ చేశాం. గది 12 అడుగులు, 11 అడుగులు, ఎత్తు 10. సీలింగుతో కలిపి ఆరు వందల చదరపు అడుగులకి కాస్త తక్కువ. ఇద్దరికి రెండు రోజుల పని.

మొదట గోడకి ఏ రంగు ఉందో తెలుసుకోవాలి. నల్ల గుడ్డ తడిపి రుద్దితే తెల్లగా పొడి అంటుకుంటే అది డిస్టెంపరో సున్నమో. అది కడగడానికి ఆగదు. మా సీలింగు డిస్టెంపరే. దాన్ని నీళ్లు చిలకరించి నానబెట్టి పట్టీతో గీకించేశాం. పొడిగా గీకితే ఆ దుమ్మంతా ముక్కుల్లోకి పోతుంది, తడిపి గీకితే ముద్దలుగా కింద పడుతుంది. నిజానికి డిస్టెంపర్ ఉండడం అదృష్టం, తారు దానితో పాటే ఊడి వస్తుంది. గుడ్డకి ఏమీ అంటకపోతే అది ఎమల్షన్, దాన్ని కడగొచ్చు.

కడగడానికి వాడింది చాకలి సోడా, అదే కిరాణా కొట్లో దొరికే వాషింగ్ సోడా. వంటసోడాకి ఇంత బలం ఉండదు. అయిదు లీటర్ల గోరువెచ్చని నీళ్లకి నాలుగు పెద్ద చెంచాలు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా. చేతులకి రబ్బరు తొడుగులు తప్పనిసరి, లేకపోతే చర్మం పగులుతుంది. స్విచ్‌బోర్డుల దగ్గరికి వెళ్లేముందు ఆ గది ఎంసీబీ దించేశాం.

గోడని కింది నుంచి పైకి కడగాలి. ఇది నాకు తెలియక మొదటి గోడ పాడుచేశాను. పై నుంచి మొదలుపెడితే సోడా నీళ్లు కింద మురికి గోడ మీద చారలుగా కారతాయి. ఆ చారలు ఎంత రుద్దినా పోవు. కింద ముందే తడిసి కడిగి ఉంటే పైనుంచి కారినా జారిపోతుంది. రెండు మూడు అడుగుల మేర స్పాంజితో పూసి, రెండు నిమిషాలు ఆగి, వేరే బకెట్‌లో మంచినీళ్ల గుడ్డతో తుడిచేశాం. మొదటి బకెట్ నీళ్లు డికాషన్ రంగులోకి మారాయి. ఆ గదికి పదకొండు బకెట్లు మార్చాం.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి, ఎందుకంటే నేను ఇక్కడే పని ఆపేయబోయాను. కడుగుతుంటే వాసన తగ్గకపోగా విపరీతంగా పెరుగుతుంది. తప్పు చేస్తున్నామేమో అనిపించింది. కారణం తర్వాత అర్థమైంది. నికోటిన్ క్షార గుణం ఉన్న పదార్థం. సోడా కూడా క్షారమే. సోడా తారుని కోస్తుంది, కానీ నికోటిన్‌ని గాలిలోకి వదిలేస్తుంది. అందుకే కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను వేసి కడగాలి. అందుకే రెండో దశగా వెనిగర్ కావాలి. పులుపు తగిలితే నికోటిన్ ఉప్పులా మారి నీళ్లలో కరుగుతుంది, గాలిలోకి ఎగరదు. మిగతా ఘాటు పదార్థాలకి కూడా కొంతవరకు ఇది పనిచేస్తుంది. సోడా తుడిచాక మర్నాడు, ఒక వంతు వెనిగర్‌కి నాలుగు వంతుల నీళ్లు కలిపి గోడంతా తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడిచాం. వెనిగర్ ఒక్కటే వాడితే తారు పొర కదలదు. సోడా ఒక్కటే వాడితే వాసన సగమే పోతుంది. ఇంటి చిట్కాలు ఈ రెంటిలో ఒకటే చెప్పి ఆపేస్తాయి. రెండూ ఒకే బకెట్‌లో కలిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, నురగ తప్ప ఏమీ మిగలదు.

నేలకి తాండూరు రాయో, మార్బుల్ పలకలో ఉంటే ప్లాస్టిక్ షీటు పరిచి తీరాలి. రెండూ సున్నపు జాతి రాళ్లే, వెనిగర్ చుక్క పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. సున్నం గోడ మీద కూడా వెనిగర్ వాడకూడదు, గీకడమే దారి. ఇంకొకటి: బ్లీచింగ్ పౌడర్‌గానీ బ్లీచ్ లిక్విడ్‌గానీ ఈ పనిలోకి రానివ్వొద్దు. దానికి వెనిగర్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది.

కడిగినంత మాత్రాన అయిపోలేదు. పైకి తేలింది పోయినా, మా గోడల మీద తారులో చాలాభాగం రెండు రంగు పూతల కింద ఉంది, నా స్పాంజి దానిదాకా పోలేదు. ఇదే నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. ఆ రంగు వేయకముందు ఎవరైనా కడిగి ఉంటే ఒక్క రోజులో పోయేది. ఇప్పుడు దాన్ని లోపలే బంధించడం తప్ప దారి లేదు. అందుకు నీళ్లలో కలిపే ప్రైమర్ పనికిరాదు, అది కూడా తారుని కరిగించి పైకి తెస్తుంది. టర్పెంటైన్‌లో కలిపే వాల్ ప్రైమర్ కావాలి, పెయింటర్లు ఆయిల్ ప్రైమర్ అంటారు. మా పెయింటర్ అన్న "ఇప్పుడు దాన్ని ఎవరూ వాడట్లేదక్కా, వాసనొస్తది" అని వద్దన్నాడు. వాసన వస్తుంది, నిజమే, అయిదారు రోజులు ఘాటుగా ఉంది. ఆరేదాకా గదిలో అగ్గిపుల్ల గీయకూడదు, పడుకోకూడదు.

నేను అతనితో వాదించలేదు. మరక దిగిన గోడ మూలన అరచేయంత చోట్లు రెండు కడిగి, ఒకదానికి నీళ్ల ప్రైమరూ, రెండోదానికి ఆయిల్ ప్రైమరూ వేయించి, రెంటి మీదా ఎమల్షన్ పూయమన్నాను. రెండు రోజులకి మొదటిదాని మధ్యలో పసుపు తేలింది, రెండోది తెల్లగా ఉంది. అతనే చూసి, "సరే అక్కా, డబ్బా తెస్తా" అన్నాడు. గోడ బాగా ఆరితేనే ఆయిల్ ప్రైమర్ పట్టుకుంటుంది. అడుగు చదరం ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి రాత్రంతా ఉంచి, పొద్దున దాని లోపల చెమట పట్టలేదని చూసుకున్నాకే మొదలుపెట్టించాం. వానాకాలం కదా, దానికి అయిదు రోజులు పట్టింది.

గుడ్డలు, సోఫా

ఫ్లాటు సెమీ ఫర్నిష్డ్. కర్టెన్లూ, హాల్లో సోఫా, బట్టల అలమారా అంకుల్‌వే. గోడల కంటే వీటి దగ్గర నాకు ఎక్కువ సందేహాలు వచ్చాయి, ఎందుకంటే వాసన పోయిందో లేదో ముక్కు చెప్పదు. ఆ ఇంట్లోనే ఉంటున్న ముక్కుకి రెండు రోజుల్లో అలవాటైపోతుంది. నేను వాడిన పరీక్ష ఒకటే. వస్తువుని పాలిథిన్ సంచిలో పెట్టి మూతి బిగించి గంటసేపు ఎండలో ఉంచడం, తర్వాత బయటి నుంచి వచ్చిన మనిషి చేత మూతి విప్పించి వాసన చూపించడం. మా పనిమనిషి పొద్దున ఏడింటికి వచ్చేది, ఆమె ముక్కు మీదే ఆధారపడ్డాను. గదికైతే ఒక రోజంతా మూసిపెట్టి ఆమెనే తలుపు తీయమనేదాన్ని.

కర్టెన్లు మూడు ఉతుకులకి లొంగాయి. సర్ఫు నీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా వేసి రాత్రంతా నానబెట్టి, ఉతికి, చివరి జాడింపు బకెట్‌లో ఒక గ్లాసు వెనిగర్ కలిపాను. సంచి పరీక్ష దాటేదాకా ఇస్త్రీ చేయలేదు, వేడి తగిలితే పసుపు గుడ్డలో స్థిరపడిపోతుంది. ఒక జత మాత్రం వెనక రబ్బరు పూత ఉన్న బ్లాకవుట్ కర్టెన్లు. సోడాకి ఆ పూత పొలుసులుగా రాలింది, వాసన మాత్రం పోలేదు. వాటి డబ్బు అంకుల్‌కి ఇచ్చి కొత్తవి వేశాను. తప్పు నాది, అలాంటి పూత ఉన్నవాటిని ముందు ఒక మూల తడిపి చూడాల్సింది.

సోఫా మీద అందరూ చెప్పే వంటసోడా చిట్కా నిజాయితీగా ప్రయత్నించాను. కిలో వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, వ్యాక్యూమ్‌తో లాగాం. మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు మా మరిది వచ్చి కూర్చోగానే కుషన్ లోంచి ఉస్సుమని గాలి వచ్చింది, దానితో పాటే వాసన. పొడి పైగుడ్డని తాకుతుంది, ఫోమ్ లోపలి లక్షల గదుల్లోకి వెళ్లదు. మన పాత దూది పరుపైతే విప్పి ఎండబెట్టి, దూది ఏకించి మళ్లీ కుట్టించొచ్చు. ఫోమ్‌కి ఆ వీలు లేదు. ఫోమ్‌ని నీళ్లతో తడిపితే లోపల ఆరక బూజు వాసన ఒకటి తోడవుతుంది. జిప్పులు తీసి తొడుగులు ఉతికి, ఆరు కుషన్లకి కొత్త ఫోమ్ కోయించాం. అడుగున మేకులతో కొట్టిన నల్ల గుడ్డని కూడా మార్పించాం, దానికి కూడా పట్టింది. ఎవరో వాడిన ఫోమ్ పరుపు ఉంటే మాత్రం శుభ్రం చేయాలన్న ఆలోచనే వద్దు, ఓనరుని తీసుకెళ్లమనండి.

అలమారా నన్ను చివరిదాకా వేధించింది. బయట సన్‌మైకా, తుడిస్తే పోయింది. వెనక పలకా, అరల అంచులూ పచ్చి ప్లైవుడ్. మడత పెట్టిన చీరలకి వారం తిరిగేసరికి ఆ వాసన అంటేది. వెనిగర్ నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, వడ్రంగి చేత రెండు పూతలు లక్క పాలిష్ వేయించాను. స్పిరిట్‌లో కరిగించిన లక్క వాసనని బంధించడంలో ఆయిల్ ప్రైమర్ కంటే గట్టిది. ఆ రెండు పూతలతో అలమారా కథ ముగిసింది.

ఏసీ గురించి ఒక్క మాట. ఫిల్టరు కడిగితే చాలదు. లోపలి కాయిల్ రేకులూ, వెనక తిరిగే పొడవాటి బ్లోవరూ గదిలోని పొగనంతా మూడేళ్లు పీల్చాయి. మెకానిక్ బ్లోవర్ విప్పి నీళ్ల జెట్‌తో కడిగినప్పుడు కింద కట్టిన సంచిలోకి దిగిన నీళ్లు గోడ నీళ్లకంటే నల్లగా ఉన్నాయి. గోడలన్నీ అయ్యాక దీన్ని వదిలేస్తే, ఏసీ వేసిన మొదటి పది నిమిషాల్లోనే మోసం బయటపడుతుంది.

చేయనివి

సాంబ్రాణి వేయమని ఇద్దరు చెప్పారు. నాకు సాంబ్రాణి అంటే ఇష్టమే, కానీ అది కూడా పొగే. గోడ మీద ఇంకో పొర. గిన్నెలో కాఫీపొడి, కోసిన ఉల్లిపాయ, బొగ్గులు ఇవన్నీ గాలిలోకి వచ్చినదాన్ని కాస్త పట్టుకుంటాయో లేదో గానీ గోడలోంచి లాగలేవు. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పని చేసినన్నాళ్లు మంచిదే. ఒక్క హెపా ఫిల్టరే ఉన్నది వాసనని పట్టలేదు, దుమ్మునే పడుతుంది.

ఒక క్లీనింగ్ సర్వీసు వాళ్లు ఓజోన్ మిషన్ పెడతామన్నారు, ఒక్క రాత్రిలో వాసన ఉండదన్నారు. నాకు చాలా ఆశ కలిగింది, అబద్ధం చెప్పను. కానీ ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేసే వాయువు. పైగా అది నికోటిన్‌తో కలిసినప్పుడు వేరే పదార్థాలూ, అతి సన్నని రేణువులూ పుట్టిస్తుంది. తారు పొర గోడ మీదే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకి వాసన తిరిగొస్తుంది. పిల్లాడు ఉన్న ఇంట్లో వద్దనుకున్నాను.

డబ్బు ఎవరిది

మొత్తం మీద ఫోమ్, ప్రైమర్, రంగు, మనుషుల కూలీ అన్నీ కలిపి 38 వేలు దాటింది. ఇంకొకరి పొగకి నేనెందుకు పెట్టాలి అన్న ప్రశ్న మా ఆయన అడిగాడు, న్యాయమైన ప్రశ్న. ఇల్లు మారొచ్చు కదా అని కూడా అన్నాడు. మారడానికి లారీ, బ్రోకర్, మళ్లీ అడ్వాన్సు కలిపితే అంతకంటే తక్కువేమీ కాదు. పైగా కొత్త ఇంటి సీలింగు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? అందుకే అంకుల్‌తో కూర్చున్నాం. నేను చట్టం మాట్లాడలేదు. 2021 నాటి కేంద్రం నమూనా అద్దె చట్టం సున్నాలూ రంగులూ ఓనరు బాధ్యతల్లోనే రాసింది. రాష్ట్రం తన చట్టంగా చేసుకునేదాకా దాన్ని పట్టుకుని ఎవరినీ నిలదీయలేం. నేను మాట్లాడింది ఆయన దగ్గర ఇదివరకే ఉన్న 21 వేల గురించి. ముందాయన ఆ డబ్బు ఇచ్చింది గోడలు మామూలు స్థితికి రావాలని. అవి రాలేదు. కడిగి, ఆయిల్ ప్రైమర్ వేసి, ఒక్క కోటు రంగు వేసినా ఆ డబ్బులోనే అయ్యేది. రెండుసార్లు రంగు వేయించడం వల్లే దాటింది.

అంకుల్ వెంటనే ఒప్పుకోలేదు. "నా ముక్కుకి ఏమీ తెలియట్లేదమ్మా" అన్నారు. నిజంగానే తెలియలేదేమో, ఆయన కూడా ఒకప్పుడు సిగరెట్లు తాగినవారే. అప్పుడు బాల్కనీలో ఉంచిన బకెట్ చూపించాను, సీలింగు గీకిన మూడో బకెట్. ఆయన వంగి చూసి చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు సగం ఖర్చు మూడు నెలల అద్దెలో సర్దుకోమన్నారు. నాకు అది సరిపోయింది.

ప్రగతినగర్ అమ్మాయికి చెప్పింది ఇదే. మధ్యాహ్నం మూడింటికి, ముందు రోజంతా కిటికీలు మూసి ఉంచమని చెప్పి వెళ్లు. తెల్ల గుడ్డ ఒకటి వెనిగర్ నీళ్లలో తడిపి తీసుకెళ్లు. సీలింగు మూల, ఫ్యాను రెక్క పైభాగం, తలుపు పై అంచు, స్విచ్‌బోర్డు తుడిచి చూడు. దుమ్ము బూడిదరంగులో అంటుతుంది, తారు పసుపురంగులో. పసుపు వస్తే ఆ గుడ్డ ఓనరుకి చూపించి, అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకో: సామాను దిగకముందే గోడలూ సీలింగూ కడిగించి, ఆయిల్ ప్రైమర్ వేయించాలి, ఏసీ లోపలిదాకా కడిగించాలి అని. రంగు ఏదైనా పర్వాలేదు, చివరికి ఆ పైకోటు నువ్వే వేయించుకున్నా నష్టం లేదు.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది. గుడ్డ పచ్చగా వచ్చిందట. ఓనరు కడిగించడానికి ఒప్పుకున్నాడు, సోఫా మాత్రం తీయనంటున్నాడు. కుషన్ ఒకటి సంచిలో పెట్టి ఎండలో ఉంచమని చెప్పాను. శనివారం నేను కూడా వెళ్తున్నాను, మూతి విప్పడానికి బయటి ముక్కు కావాలి కదా.